ఫార్మాట్ ఉంటేనే తప్పు దొరుకుతుంది

ఖమ్మంలో మా బాబాయి వైండింగ్ షాపుకి ఎవరైనా ఫ్యాన్ తెచ్చి "తిరగట్లేదు" అంటే ఆయన వెంటనే విప్పడు. బల్ల మీద పెట్టి ముందు చేత్తో తిప్పి చూస్తాడు. బిగుసుకోకుండా తిరిగితే బేరింగ్ జోలికి పోడు. బాగుందని తనకి ఖాయంగా తెలిసిన కండెన్సర్ ఒకటి ఎప్పుడూ సొరుగులో ఉంచుకుంటాడు, దాన్ని తీసి తగిలిస్తాడు. ఫ్యాన్ అందుకుంటే తప్పు పాత కండెన్సర్‌ది. అందుకోకపోతే అప్పుడు వైండింగ్ చూస్తాడు. ఒక్కసారికి ఒక్కటే మారుస్తాడు. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదంటాడు.

వీడియో సిరీస్‌కి ప్రతిసారీ అదే ఫార్మాట్, అంటే భాగాల అదే వరస, ఎందుకు అని ఎవరైనా అడిగితే నా జవాబు కూడా ఇదే. ఎడిటింగ్ టైము తగ్గుతుంది, చూడ్డానికి ఒక పద్ధతిగా ఉంటుంది, జనానికి గుర్తుండిపోతుంది అని అందరూ చెప్తారు. అవన్నీ నిజమే. కానీ నాకు వాటన్నిటికంటే ముఖ్యమైన లాభం ఇంకొకటి కనిపించింది. పది ఎపిసోడ్లు ఒకే వరసలో ఉంటే, జనం ఎక్కడ వదిలేసి వెళ్ళిపోతున్నారో పదింటిలోనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఒక్క ఎపిసోడ్‌లో మాత్రమే పడిపోతే తప్పు ఆ ఎపిసోడ్‌ది. అన్నిటిలోనూ అదే చోట పడిపోతే తప్పు ఫార్మాట్‌ది. ప్రతి వీడియో ఒక్కో తీరుగా ఉంటే ఆ రెండిటికీ తేడా ఎప్పటికీ తెలియదు.

నేను ఎడిటర్‌ని. పెళ్ళి వీడియోలు నా ప్రధానమైన పని. బాబాయి షాపులో జనం రోజూ అడిగే ప్రశ్నలకి జవాబుగా చిన్న వీడియోలు చేద్దామని రెండేళ్ళ క్రితం అనుకున్నాం. ఫ్యాన్ నెమ్మదించడం, మిక్సీ ఆగిపోవడం, ఇస్త్రీ పెట్టె వేడెక్కకపోవడం లాంటివి. ఇంట్లో జాగ్రత్తగా చేసుకోగలిగింది ఏది, షాపుకి తీసుకెళ్ళక తప్పనిది ఏది అన్నది చెప్పడమే ఉద్దేశం. మొదటి ఆరు ఎపిసోడ్లకి నేను తయారుచేసిన ఫార్మాట్ పెళ్ళి వీడియోల అలవాటులోంచి వచ్చింది. ముందు పద్దెనిమిది సెకన్ల టైటిల్, దాంట్లో స్పానర్లు ఎగురుతూ వచ్చి పేరుగా మారతాయి, వెనక గట్టి సంగీతం. తర్వాత బాబాయి కెమెరా ముందు నిలబడి నమస్కారం చెప్పి, తన పేరు చెప్పి, షాపు ఎన్నేళ్ళ నుంచి ఉందో చెప్పి, లైక్ చేయండి అని చెప్పి, ఇవాళ ఏం చూడబోతున్నామో చెప్పేవాడు. ఫ్యాన్ కనిపించేసరికి నిమిషం దాటేది.

యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకీ ఒక గీత ఉంటుంది. వీడియో నడుస్తున్నకొద్దీ ఎంతమంది మిగిలారో అది చూపిస్తుంది. ముప్పై సెకన్ల దగ్గర ఎంతమంది ఉన్నారో విడిగా కూడా చెప్తుంది. ఏ వీడియోకైనా ఆ గీత మొదట్లో కొంత దిగుతుంది, అది మామూలే. పొరపాటున నొక్కినవాళ్ళు, వేరేది వెతుకుతున్నవాళ్ళు వెళ్ళిపోతారు. మా వీడియోల్లో మాత్రం అది గోడ మీంచి దూకినట్టు దిగేది. ఆరు ఎపిసోడ్లలోనూ అదే చోట, టైటిల్ సగంలో ఉండగా. ఫ్యాన్ కనిపించిన దగ్గర్నుంచి గీత దాదాపు చదునుగా సాగేది. అంటే మిగిలినవాళ్ళు చివరిదాకా ఉంటున్నారు, వాళ్ళకి విషయం కావాలి. వెళ్ళిపోయినవాళ్ళు విషయం దాకా రాలేదు. ఆరు వీడియోలూ ఒకే వరసలో ఉండబట్టే ఈ మాట అంత ధైర్యంగా చెప్పగలిగాను. ఆ ఫార్మాట్ చెడ్డదే, అయినా తన తప్పు తానే చూపించింది.

అప్పుడు కొత్తగా ఒకటి కట్టాం. దాన్ని ఫ్యాన్ నెమ్మదించే ఎపిసోడ్ మీదే చెప్తాను, ఎందుకంటే ఆ ఎపిసోడ్ రెండుసార్లు తీశాం, పాత పద్ధతిలో ఒకసారి, కొత్త పద్ధతిలో ఒకసారి.

కొత్త ఎపిసోడ్ నమస్కారంతో మొదలవదు. మొదటి షాట్‌లో సీలింగ్ ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతూ ఉంటుంది. బాబాయి చెయ్యి రెగ్యులేటర్ మీద ఉంటుంది. "నంబరు ఐదులో ఉంది. గాలేమో రెండులో ఉన్నట్టుంది" అంటాడు. వెంటనే బల్ల మీద మల్టీమీటర్, దానికి తగిలించిన కండెన్సర్. కండెన్సర్ మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది, మీటర్‌లో 1.4 చూపిస్తుంది. "రాసింది రెండున్నర, మిగిలింది ఒకటీ పాయింట్ నాలుగు. ఇది మారిస్తే మీ ఫ్యాన్ మళ్ళీ మొదటిలా తిరుగుతుంది. ఎలాగో చూద్దాం." ఇదంతా ఇరవై సెకన్లు. ఆ తర్వాతే టైటిల్, అది మూడు సెకన్లు.

చాలామంది దీన్ని ఒక ట్రిక్కుగా చూస్తారు, మొదట్లో ఏదో ఒకటి చూపించి జనాన్ని పట్టుకోవడం అని. నేను అలా చూడను. ఫోన్ పట్టుకుని మా వీడియో తెరిచిన మనిషి ఇంట్లో ఉక్కపోతలో కూర్చుని ఉన్నాడు. అతని మనసులో ఒకటే ప్రశ్న ఉంటుంది: వీళ్ళు చెప్పేది నా ఫ్యాన్ గురించేనా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మన పేరు చెప్పడం మర్యాద కాదు. షాపుకి వచ్చినవాళ్ళతో బాబాయి అలా మాట్లాడడు కదా. ముందు "ఏమైంది" అని అడుగుతాడు. కెమెరా పెట్టేసరికి ఆయన చేత నేనే అలా మాట్లాడించాను.

కొత్త ఎపిసోడ్‌లో బాబాయి పేరు ఎక్కడ వస్తుందని అడగొచ్చు. మొదటి భాగంలో ఆయన మాట్లాడుతుండగా కింద ఒక పట్టీ నాలుగు సెకన్లు వచ్చి పోతుంది. పేరు, ఊరు, అంతే. ఆయన నోటితో చెప్పడు. ఆ పట్టీ గురించి తర్వాత వేరే చెప్పాలి, తెలుగులో దానితో ఒక పెద్ద తంటా ఉంది.

టైటిల్ తర్వాత నాలుగు భాగాలు. వాటికి నేను నిమిషాలు కేటాయించలేదు. ఫార్మాట్ అనగానే చాలామంది "ఈ సెగ్మెంట్ రెండు నిమిషాలు, ఆ సెగ్మెంట్ మూడు నిమిషాలు" అని కాగితం మీద గళ్ళు గీస్తారు. టీవీలో అది అవసరం, అరగంట స్లాటు ఉంటుంది, మధ్యలో ప్రకటనలు ఉంటాయి. మనకా కట్టుబాటు లేదు. నిమిషాలు పెట్టుకుంటే ఇస్త్రీ పెట్టె గురించి నలభై సెకన్లలో అయిపోయేదాన్ని రెండు నిమిషాలు సాగదీస్తాం, మిక్సీ విషయంలో నాలుగు నిమిషాలు కావాల్సినదాన్ని కత్తిరిస్తాం. అందుకే ఒక్కో భాగానికి ఒక్కో ప్రశ్న పెట్టాను. ప్రశ్న మారదు, జవాబు ఎంత పొడుగైనా కావచ్చు. జవాబు పూర్తయితే భాగం పూర్తయినట్టే.

మొదటి ప్రశ్న: మీ ఇంట్లో సమస్య ఇదేనా? ఫ్యాన్ ఎపిసోడ్‌లో బాబాయి ఇక్కడ మూడు పరీక్షలు చెప్తాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ నెమ్మదిస్తే అది కండెన్సర్ కాదు, వోల్టేజీ తక్కువ వస్తోంది. ఒక్క ఫ్యానే అయితే, స్విచ్ ఆపి రెక్కని వేలితో తోసి చూడాలి. గరగరమంటూ బిగుతుగా తిరిగితే బేరింగ్. తేలిగ్గా తిరిగితే మూడోది: రెగ్యులేటర్ ఐదులో పెట్టినప్పుడు కూడా నెమ్మదిగా ఉందా? ఐదులో బాగుండి మిగతా నంబర్లలో తిరక్కపోతే రెగ్యులేటర్‌ది తప్పు. ఐదులో కూడా నెమ్మదిగా ఉంటే కండెన్సర్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఈ భాగం వల్ల కొంతమంది వీడియో ఇక్కడే వదిలేస్తారు, వాళ్ళ సమస్య ఇది కాదని తెలుస్తుంది కాబట్టి. గీత ఇక్కడ కొంచెం దిగుతుంది. ఆ దిగుడు చూసి నేను బాధపడను. తన ఫ్యాన్‌కి బేరింగ్ పోయిందని తెలిసిన మనిషి కండెన్సర్ మార్చడం చూస్తూ కూర్చోవడం ఎవరికి లాభం?

రెండో ప్రశ్న: కరెంటు ఎలా ఆపాలి? దీని దగ్గరే నేను అందరికంటే ఎక్కువ పట్టుబడతాను, ఎందుకంటే ఫార్మాట్ రీయూజబుల్‌గా, మళ్ళీ మళ్ళీ వాడుకునేలా, ఉండాలి అన్న మాటని చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే.

మొదట్లో నేను కూడా అలాగే చేశాను. జాగ్రత్తలు ఎప్పుడూ ఒకటే కదా అని ఒక్కసారి తీసి, ఇరవై అయిదు సెకన్ల క్లిప్పు చేసి, ప్రతి ఎపిసోడ్‌లో అతికించాను. బాబాయి మెయిన్ ఆపుతాడు, చేతులకి గ్లవ్స్ వేసుకుంటాడు, చెప్పులు లేకుండా చేయకండి అంటాడు. రెండో ఎపిసోడ్ నుంచే గీతలో అక్కడ గుంట పడటం మొదలైంది. గుంట అంటే జనం వెళ్ళిపోవడం కాదు, ఆ ముక్క దాటించి ముందుకి జరపడం. గుంట దాటాక గీత మళ్ళీ పైకి లేస్తుంది. ఒకసారి చూసిన క్లిప్పు మళ్ళీ వస్తే ఎవరైనా దాటేస్తారు. మామూలు విషయమైతే పోనీ అనుకోవచ్చు. కానీ ఇది ప్రాణానికి సంబంధించిన ముక్క. మా వీడియోలో దేన్ని దాటించినా ఫరవాలేదు, దీన్ని మాత్రం దాటించకూడదు. నా ఫార్మాటే వాళ్ళకి దాటించడం నేర్పింది.

అందుకని ప్రశ్నని ఉంచి క్లిప్పుని తీసేశాను. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆ వస్తువుతో వచ్చే ప్రమాదమే చెప్పాలి, కొత్తగా తీయాలి. ఫ్యాన్ ఎపిసోడ్‌లో బాబాయి స్విచ్ ఆపి, టెస్టర్ పెట్టి, ఫ్యాన్ దగ్గర ఇంకా కరెంటు ఉన్నట్టు చూపిస్తాడు. పాత ఇళ్ళలో కొన్నిచోట్ల స్విచ్చిని ఫేజ్‌కి కాకుండా న్యూట్రల్‌కి కలుపుతారు, అలాంటప్పుడు స్విచ్ ఆపినా వైరులో కరెంటు ఉంటుంది. కాబట్టి మెయిన్ బోర్డులోని ఎంసీబీ ఆపాలి, ఆపాక టెస్టర్‌తో చూడాలి. తర్వాత కండెన్సర్ రెండు కొసల్నీ ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కలిపి, లోపల మిగిలిన చార్జి పోగొట్టాలి. మిక్సీ ఎపిసోడ్‌లో ఈ భాగం పూర్తిగా వేరు: ప్లగ్గు పీకి, వీడియోలో కనిపించేటట్టు బల్ల మీద పెట్టడం, బ్లేడు తీసి పక్కన పెట్టడం. ఇస్త్రీ పెట్టెకైతే చల్లారే దాకా ఆగడం. ఇలా మార్చాక ఆ గుంట పూర్తిగా పోలేదు గానీ బాగా పూడింది.

అప్పట్నుంచి నాకు ఒక కొలత దొరికింది. మళ్ళీ మళ్ళీ వాడాల్సింది ఖాళీ గిన్నె, వండిన కూర కాదు. టైటిల్ మూడు సెకన్లు, భాగానికీ భాగానికీ మధ్య ఒక్క సెకను పట్టీ, అక్షరాల తీరు, సంగీతం, ఇవి అలాగే వాడొచ్చు. మనిషి మాట్లాడిన మాటని మాత్రం రెండోసారి వాడకూడదు.

మధ్యలో వచ్చే ఆ ఒక్క సెకను పట్టీ గురించి ఒక మాట. బుర్రకథ చూసినవాళ్ళకి తెలుస్తుంది. కథకుడు ఒక ఘట్టం చెప్పి ఆగగానే వంతలు తందాన తాన అందుకుంటారు. కథకుడికి ఊపిరి పీల్చుకునే సందు, వినేవాళ్ళకి ఒక ఘట్టం అయిందన్న గుర్తు. ఎంతసేపటి కథలోనైనా అది విసుగు పుట్టించదు, ఎందుకంటే అది చిన్నది, పైగా అందులో కొత్త సమాచారం ఏమీ ఉండదు. మా పట్టీకి సంగీతం కూడా పెట్టలేదు. బాబాయి స్క్రూడ్రైవర్ పిడితో బల్ల మీద రెండుసార్లు కొట్టే అలవాటు ఉంది, టక్ టక్ అని. ఆ చప్పుడే రికార్డు చేసి పెట్టాను.

మూడో ప్రశ్న: పని ఎలా చేయాలి? ఇది అన్నిటికంటే పొడుగైన భాగం, దీనికి లోపల గళ్ళు గీయలేదు. ఒక్క నియమం ఉంది: విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తీయడం తప్పనిసరిగా చూపించాలి, ఏ వైరు ఎక్కడ ఉందో తర్వాత గుర్తుకి. ఫ్యాన్‌లో కప్పు కిందికి దించి, కండెన్సర్ వైర్లు రెండూ విప్పి, అదే విలువున్న కొత్తది పెట్టి బిగించడం. ఇక్కడ బాబాయి చెప్పే ముఖ్యమైన మాట విలువ గురించి. ఇంకా స్పీడుగా తిరగాలని కొందరు రెండున్నర ఉండాల్సిన చోట నాలుగుది పెడతారు. మొదట గాలి ఎక్కువొచ్చినట్టు అనిపించొచ్చు, తర్వాత వైండింగ్ వేడెక్కుతుంది. అలా కాలిన ఫ్యాన్లు షాపుకి వస్తూనే ఉంటాయి.

నాలుగో ప్రశ్న: ఇలా చేసినా బాగవకపోతే? ఈ భాగం పాత ఫార్మాట్‌లో అసలు లేదు. బాగుచేసే వీడియోలు చాలావాటిలో ఉండదు. వాటిలో వస్తువు ఎప్పుడూ బాగయిపోతుంది, అందరూ నవ్వుతూ వీడియో ముగుస్తుంది. ఇంట్లో చూసి చేసినవాళ్ళకి అలా అవదు కొన్నిసార్లు. కండెన్సర్ మార్చాక కూడా ఫ్యాన్ మూలుగుతూ నిలబడిపోతే వైండింగ్‌లో ఒక చుట్ట తెగి ఉండొచ్చు, అది ఇంట్లో చేసే పని కాదు. ఉల్టా తిరిగితే వైర్లు తారుమారు అయ్యాయి, ఫొటో చూసి సరిచేయాలి. వీడియో కింద కామెంట్లలో ఎక్కువ ప్రశ్నలు ఈ భాగానికి సంబంధించినవే వచ్చేవి, అందుకే దీన్ని ఫార్మాట్‌లోకి తెచ్చాం. గీతలో ఇక్కడ గుట్టలాగా పైకి లేస్తుంది. అంటే కొంతమంది ఈ ముక్కని వెనక్కి జరిపి మళ్ళీ చూస్తున్నారు, లేదా నేరుగా ఇక్కడికే వస్తున్నారు.

నేరుగా రాగలగడానికి కారణం, వీడియో కింది వివరణలో టైము వేసి భాగాల పేర్లు రాస్తాం. మొదటి వరస 00:00 తోనే మొదలవ్వాలి, కనీసం మూడు భాగాలుండాలి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకూడదు. ఇవి తప్పితే యూట్యూబ్ వాటిని భాగాలుగా తీసుకోదు. మా ఫ్యాన్ ఎపిసోడ్‌కి ఇలా ఉంది:

```
00:00 ఫ్యాన్ ఎందుకు నెమ్మదించింది
00:23 మీ ఇంట్లో సమస్య ఇదేనా
02:05 కరెంటు ఆపడం
03:20 కండెన్సర్ మార్చడం
06:40 అప్పటికీ తిరక్కపోతే
```

చివరి భాగం పేరు చూడండి. "ముగింపు" అని వేరే వరస లేదు. అది కావాలనే పెట్టలేదు.

పాత ఫార్మాట్‌లో అవుట్రో, అంటే వీడియో చివరి ముక్క, ఇలా ఉండేది: "సరే అండీ, ఇవాళ్టికి ఇంతే. వీడియో నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి. మళ్ళీ కలుద్దాం, సెలవు." తర్వాత ఇరవై సెకన్ల సంగీతం, దాని మీద వేరే వీడియోల బొమ్మలు. "సరే అండీ" అన్న మాట దగ్గర గీత నేల మీద పడిపోయేది. ఆ మాట విన్నాక ఆగాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఆ ఇరవై సెకన్ల బొమ్మలు ఖాళీ గదికి చూపించినట్టే.

చివర్లో బొమ్మలు పెట్టుకోవడానికి యూట్యూబ్ అయిదు నుంచి ఇరవై సెకన్ల దాకా ఇస్తుంది. బొమ్మలు నాలుగు దాకా పెట్టొచ్చు. మేం రెండే పెడతాం, ఒక వీడియో, ఒక సబ్‌స్క్రైబ్ గుండ్రం. అసలు మార్పు ఏమిటంటే, నాలుగో ప్రశ్నకి జవాబులో ఆఖరి ముక్కని ఆ ఇరవై సెకన్లలోకి తెచ్చాం. ఫ్యాన్ ఎపిసోడ్‌లో బాబాయి చివర్లో ఇలా అంటాడు: "ఇప్పుడు ఐదులో బాగానే తిరుగుతుంది. కానీ ఒకటి, రెండు నంబర్లలో ఆగిపోతోందనుకోండి, ఇక ఫ్యాన్ జోలికి పోకండి. తప్పు రెగ్యులేటర్‌ది. ఆ రెగ్యులేటర్ మార్చడం ఇదిగో ఇక్కడ చూపించాను." ఆ మాట అంటున్నప్పుడే ఆయన పక్కన రెగ్యులేటర్ వీడియో బొమ్మ ఉంటుంది. మాట పూర్తవుతుంది, వీడియో ఆగుతుంది. వీడ్కోలు లేదు.

"నమస్కారం పెట్టకపోతే బాగోదమ్మాయ్" అని బాబాయి మొదట ఒప్పుకోలేదు. ఆయన బాధ నాకు అర్థమైంది. ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మం దాకా సాగనంపే మనిషి ఆయన. చివరికి, మాట అయ్యాక ఏమీ మాట్లాడకుండా చేతులు జోడించి ఒక్క సెకను నిలబడటానికి ఒప్పుకున్నాడు. అది అలాగే ఉంచాను. గీతకి దానివల్ల నష్టం లేదు, ఎందుకంటే అది వచ్చేసరికి చెప్పాల్సింది పూర్తయింది.

ఇలా చేయాలంటే ఆ షాట్ తీసేటప్పుడే చోటు వదలాలి. ఎడిటింగ్‌లో బొమ్మ ఎక్కడ పెడదామా అని వెతికితే బాబాయి మొహం మీదే పడుతుంది. బల్ల మీద ఎర్ర ఇన్సులేషన్ టేపుతో రెండు గుర్తులు వేశాం. ఎడమ గుర్తు దగ్గర బాబాయి కుర్చీ, కుడి గుర్తు నుంచి అవతల ఏ సామానూ ఉండకూడదు, వెనక గోడ మాత్రమే. ట్రైపాడ్ కాళ్ళ దగ్గర నేల మీద మూడు గుర్తులు. టేపు ఊడిపోతే మళ్ళీ వేస్తాం. ఫార్మాట్‌లో నేను ఎక్కువగా నమ్మేది కంప్యూటర్‌లో ఉన్న ఫైలుకంటే ఆ టేపు ముక్కల్నే.

ఇక పేరు పట్టీ సంగతి. ముందే తయారుచేసి దొరికే పట్టీల టెంప్లేట్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కొలతకి చేసినవి. ఇంగ్లీషు అక్షరాలకి కింద తోక ఉన్నవి కొన్నే. తెలుగులో పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తులుంటాయి, కొన్నిసార్లు ఒత్తు కింద ఇంకో ఒత్తు ఉంటుంది. "సీలింగ్ ఫ్యాన్" అని రాసి పట్టీ సరిచేస్తే బాగానే ఉంటుంది. తర్వాతి ఎపిసోడ్‌లో "ఇస్త్రీ పెట్టె" అనగానే స్త్రీ కింది ఒత్తులు పట్టీ బయటికి పోయి తెగిపోతాయి. అందుకని టెంప్లేట్ చేసేటప్పుడు అందమైన పేరు వేసి చూడకూడదు, కష్టమైనది వేసి చూడాలి. నేను "లక్ష్మి ఇస్త్రీ" అని రాసి, రెండు వరసల్లోనూ పెట్టి, పైదాని ఒత్తులు కిందిదాని గుడికి తగలకుండా ఉన్నాయా అని చూస్తాను. అందుకు పట్టీ ఎత్తు ఇంగ్లీషుకి సరిపోయేదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు పెంచాల్సి వచ్చింది.

అక్షరాలు విడిపోయి, ఒత్తు పక్కకి వచ్చి పడితే అది ఫాంటు తప్పు కాకపోవచ్చు. ఎడిటింగ్‌కి ప్రీమియర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ప్రిఫరెన్సుల్లో గ్రాఫిక్స్ దగ్గర `South Asian and Middle Eastern` ఎంచుకోవాలి. అది ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలు సరిగ్గా కలవవు. టెంప్లేట్‌ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే వాళ్ళ కంప్యూటర్‌లో పేర్లన్నీ విరిగిపోతాయి. ఫాంటు ఫైలు కూడా టెంప్లేట్‌తో పాటే ఒకే ఫోల్డర్‌లో పెడతాను. మాది మండలి ఫాంటు, కింద ఒత్తులు ఫోన్ తెర మీద కూడా తేటగా కనిపిస్తాయి.

టెంప్లేట్‌లో స్థిరంగా ఉండాల్సినది ఇంకొకటి షట్టరు. మన దగ్గర కరెంటు యాభై హెర్ట్జ్. కెమెరా షట్టరు 1/60 సెకను పెడితే షాపులో ట్యూబులైట్ల కింద తెర మీద చారలు జారుతుంటాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతాయి. ఒక ఎపిసోడ్ మొత్తం ఈ పొరపాటుతో తీసి మళ్ళీ తీశాం, అందుకే ఇప్పుడు షూటింగ్ కాగితంలో మొదటి వరస ఇదే.

వస్తువుల ధరల్ని మాత్రం ఫార్మాట్‌లోంచి పూర్తిగా తీసేశాను. కండెన్సర్ ఎంతవుతుందో బాబాయి వీడియోలో చెప్పేవాడు. ఆరు నెలలకే ధర మారేది. ఒకసారి ఎక్కించిన వీడియోని అదే లింకులో మార్చి పెట్టడానికి వీల్లేదు, ముక్క కత్తిరించడం లాంటి చిన్న మార్పులు తప్ప. వివరణలో రాసింది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందుకే ధర అక్కడ రాస్తాం, పక్కన నెల వేసి.

ఈ నాలుగు ప్రశ్నలు ఖాయం చేసుకునే ముందు నేను కెమెరా ముట్టుకోలేదు. కాగితం మీద మూడు వేరువేరు విషయాలు తీసుకుని నాలుగు ప్రశ్నలకీ జవాబు రాశాను: ఫ్యాన్, మిక్సీ, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయడం. ఫ్యాన్ చక్కగా ఇమిడింది. మిక్సీ కూడా. మొదటి ప్రశ్నలోనే సగంమందికి జవాబు దొరుకుతుంది, చాలా మిక్సీలకి అడుగున ఉండే చిన్న ఎర్ర బటన్ లోడు ఎక్కువై బయటికి వచ్చి ఉంటుంది, చల్లారాక నొక్కితే చాలు. బ్యాటరీ మాత్రం ఇమడలేదు. అది పాడైన వస్తువు కాదు, పాడవకుండా చూసుకునే పని. "మీ సమస్య ఇదేనా" అన్న ప్రశ్నకి అక్కడ అర్థమే లేదు, "బాగవకపోతే" అన్నదానికీ లేదు.

బాబాయి ఆ వీడియో చేయాల్సిందేనన్నాడు, షాపులో అందరూ అడుగుతున్నారని. ఫార్మాట్‌ని కొంచెం వంచి చేయొచ్చు, అందరూ అదే సలహా ఇస్తారు. నేను ఒప్పుకోలేదు. రెండు ప్రశ్నలు వదిలేసి చేస్తే గీతల్ని పోల్చడం కుదరదు, పైగా చూసేవాళ్ళకి "ఇక్కడ ఏం దొరుకుతుంది" అన్నది సందేహంలో పడుతుంది. ఒక వస్తువు ఫార్మాట్‌లో ఇమడకపోతే అది వేరే సిరీస్‌ది. బ్యాటరీ నీళ్ళు, మోటారుకి గ్రీజు, కూలర్ గడ్డి మార్చడం, వీటికి వేరే పేరు, వేరే రంగు పట్టీ, మూడే ప్రశ్నలు: ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, చేయకపోతే ఏమవుతుంది. అవి చిన్న వీడియోలు, మూడు నాలుగు నిమిషాలు. బాబాయికి అవే ఎక్కువ ఇష్టం ఇప్పుడు.

ఫార్మాట్ మార్చాలనిపించినప్పుడు ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను, కనీసం మూడు ఎపిసోడ్లు అలాగే ఉంచి చూస్తాను. టైటిల్ తీసేసి, అదే వారం సంగీతం మార్చి, అవుట్రో కూడా మార్చి, తర్వాత గీత పైకి లేస్తే దేనివల్ల లేచిందో నాకు తెలియదు. మూడు అని ఎందుకంటే ఒక్క ఎపిసోడ్ నమ్మకం కాదు. వేసవిలో ఫ్యాన్ వీడియో ఎలాగూ బాగా చూస్తారు, దాని గీత చూసి ఫార్మాట్ బాగుందనుకోకూడదు. టెంప్లేట్ ఫైలుకి ప్రతి మార్పుకీ కొత్త నంబరు వేస్తాను, పాతదాని మీద ఎప్పుడూ సేవ్ చేయను. నోటుబుక్కులో ఏ ఎపిసోడ్ ఏ నంబరుతో చేశానో రాసుకుంటాను.

ఇప్పుడు నడుస్తున్నది ఏడో నంబరు. ఇందులో మార్చింది ఒక్కటే: కరెంటు ఆపే భాగాన్ని పని చేసే భాగానికి ముందు విడిగా పెట్టకుండా, విప్పడం మొదలయ్యే సరిగ్గా ఆ క్షణంలో, బాబాయి చెయ్యి స్క్రూ మీద పడబోయి ఆగి, ఎంసీబీ వైపో ప్లగ్గు వైపో తిరిగేటట్టు తీస్తున్నాం. దాటించడానికి అక్కడ విడి ముక్క ఉండదు, భాగాల జాబితాలోనూ దానికి విడి వరస ఉండదు. మిగిలిన గుంట దీంతో పూడుతుందో లేదో చూడాలి. ఇస్త్రీ పెట్టె, టేబుల్ ఫ్యాన్ అయ్యాయి. మూడోది గ్రైండర్, ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు తీస్తాం.